పాస్‌వర్డ్ మార్చినా పాట ఆగుతూనే ఉంది: హ్యాక్ అయిన ఒక మ్యూజిక్ అకౌంట్ కేసు

నేను విజయవాడలో లాప్‌టాప్, మొబైల్ సర్వీసు చేస్తాను. అకౌంట్లు పోయాయంటూ వచ్చేవాళ్ళలో ఎక్కువమందివి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గొడవలే. పాటల అకౌంట్ హ్యాక్ అయిందని వచ్చేవాళ్ళు తక్కువ. అది హ్యాక్ అని చాలామందికి తట్టదు, యాప్ పాడైందనో నెట్ బాలేదనో అనుకుంటారు. ఈ కేసులో కూడా మొదట అలాగే అనుకున్నారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఏ సర్వీసో చెప్పను. బటన్ల పేర్లు, పేజీల పేర్లు మాత్రం స్పాటిఫైలో కనిపించేవే ఇస్తున్నాను, ఎక్కువమందికి తెలిసినవి అవే కాబట్టి. మిగతా సర్వీసుల్లో పేర్లు కొంచెం అటూఇటూగా ఉంటాయి.

నేపథ్యం

ఆవిడ కూచిపూడి నేర్పే టీచర్. వయసు యాభై దాటింది. ఇంట్లోనే సాయంత్రాలు క్లాసులు. ఒకప్పుడు సీడీలు, తర్వాత పెన్‌డ్రైవ్, ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టే ఒక మ్యూజిక్ యాప్. ఆ అకౌంట్లో ఆవిడ ప్లేలిస్టులు క్లాసుల వారీగా ఉన్నాయి: చిన్నపిల్లల అడుగులకి ఒకటి, జతులకి ఒకటి, శబ్దాలకి ఒకటి, తరంగం నేర్చుకునే పెద్దపిల్లలకి ఇంకొకటి. ఏ పాట తర్వాత ఏది రావాలో వరుస అంతా ఆవిడ ఏళ్ళ తరబడి కూర్చుకున్నది. యాప్‌లో పాటలు ఎవరికైనా దొరుకుతాయి. ఆవిడ భయమంతా ఆ వరుస పోతుందేమోనని. పైగా దసరా ప్రోగ్రాం దగ్గర పడుతోంది.

అకౌంట్ ఆవిడ ఫోన్లో ఉంది, బీటెక్ చదువుతున్న కూతురి లాప్‌టాప్‌లో ఉంది. ఇంకెక్కడైనా ఉందా అని అడిగితే "లేదు బాబూ" అన్నారు. ఈ "లేదు"ని నేను ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసుకుంటాను.

సమస్య ఎలా కనిపించింది

క్లాసు మధ్యలో పాట ఆగిపోతోంది. మళ్ళీ నొక్కితే మొదలవుతుంది, కాసేపటికి మళ్ళీ ఆగుతుంది. మొదట వైఫై అనుకుని నెట్ కనెక్షన్ అతన్ని పిలిపించారు. తర్వాత బ్లూటూత్ స్పీకర్ మీద అనుమానం వచ్చి కొత్తది కొన్నారు. ఒక పిల్ల తండ్రి యాప్ తీసేసి మళ్ళీ వేయమన్నారు, అదీ చేశారు.

ఈ పాట ఆగడంలోనే అసలు ఆధారం ఉంది. ఒక్కరి కోసం తీసుకునే ప్లాన్‌లో ఒకసారి ఒక్కచోటే పాట మోగుతుంది. అదే అకౌంట్‌తో ఇంకొకచోట ఎవరైనా ప్లే నొక్కితే ఇక్కడ ఆగుతుంది. నెట్ బాలేకపోతే పాట ముక్కలుముక్కలుగా వస్తుంది, లేదా చక్రం తిరుగుతూ ఉంటుంది. స్పీకర్ తెగితే పాట ఫోన్లో మోగుతుంది, లేదా ఆగిన చోట మళ్ళీ నొక్కితే అదే పాట కొనసాగుతుంది. ఇంకొకరు వాడుతుంటే మాత్రం ఫోన్ తెర అడుగున వేరే పరికరం పేరు వస్తుంది, దానిమీద మోగుతోందని చూపిస్తుంది. అక్కడ కనిపించే పాట కూడా మనం పెట్టింది కాదు. కూతురు ఒకరోజు అది చూసింది. అమ్మ ఎప్పుడూ వినని భాషలో పాట, పక్కన ఎవరిదో స్పీకర్ పేరు. `Recently played` తెరిస్తే అలాంటివే బారులు తీరి ఉన్నాయి. ప్లేలిస్టుల్లో రెండు కనబడలేదు, ఒకదాని పేరు మారింది.

నా దగ్గరకు వచ్చేముందు ఏం చేశారు, ఎందుకు పని చేయలేదు

కూతురు తెలివైన పిల్ల. ఇంటర్నెట్‌లో చూసి చేయాల్సినవే చేసింది. అకౌంట్ పేజీలో `Sign out everywhere` నొక్కింది. ఆ రాత్రి తీరిక చూసుకుని పాస్‌వర్డ్ మార్చింది. మర్నాడు క్లాసులో పాట మళ్ళీ ఆగింది. మళ్ళీ అన్నిచోట్లా లాగౌట్ చేసింది. రెండు రోజులు బాగానే ఉంది, మూడోనాడు మళ్ళీ మొదలు. అప్పటికి ఇంట్లో టెన్షన్ పెరిగి మాట వేరేవైపు తిరిగింది. రెండేళ్ళ క్రితం ఈ యాప్ పెట్టిచ్చింది ఒక పాత శిష్యురాలట, మానేసేటప్పుడు కొంచెం మాటామాటా వచ్చిందట, ఆ అమ్మాయే చేసిందని దాదాపు తేల్చేశారు. ఫోన్ చేసి అడగబోతుంటే కూతురు ఆపి ఇక్కడికి తీసుకొచ్చింది.

నేను ముందు కూతురితో ఏది ఎప్పుడు చేసిందో వరుసగా చెప్పించుకున్నాను. చేసిన పనుల్లో తప్పు లేదు, చేసిన క్రమంలో ఉంది. మొదటిసారి లాగౌట్ ముందు, పాస్‌వర్డ్ మార్చడం తర్వాత. మధ్యలో కొన్ని గంటలు. ఆ గంటల్లో పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంది, కాబట్టి బయటపడినవాడు అదే పాస్‌వర్డ్‌తో మళ్ళీ లోపలికి వచ్చాడు. ఆ రాత్రి పాస్‌వర్డ్ మారినప్పుడు అతను అప్పటికే లోపల ఉన్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మనం లాగిన్ అయినప్పుడు యాప్ పాస్‌వర్డ్‌ని ప్రతిసారీ పంపదు. ఒకసారి సరిచూసుకున్నాక సర్వీసు ఆ పరికరానికి ఒక టోకెన్ ఇస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి పని నడిచేది టోకెన్ మీదే. తలుపు తాళం మార్చినంత మాత్రాన ఇంట్లో కూర్చున్నవాడు లేచి వెళ్ళడు, ఇదీ అంతే. కొన్ని సర్వీసుల్లో పాస్‌వర్డ్ మారిస్తే పాత టోకెన్లు రద్దవుతాయి, కొన్నింట్లో అవ్వవు, కొన్నింట్లో అడిగితేనే అవుతాయి. అందుకే నేను దాని మీద ఆధారపడను. ముందు పాస్‌వర్డ్, వెంటనే అదే కూర్చున్న చోట లాగౌట్.

అలా చూస్తే రెండోసారి నొక్కిన లాగౌట్ పాస్‌వర్డ్ మారిన తర్వాతదే, అది పనిచేయాలి. రెండు రోజులు చేసింది కూడా. మరి మూడోనాడు ఎలా వచ్చాడు? నాకు మూడు దారులు కనిపించాయి. కొత్త పాస్‌వర్డ్‌ని ఊహించి ఉండాలి, లేదా ఈమెయిల్ అతని చేతిలో ఉండాలి, లేదా ఆ లాగౌట్ తాకని పరికరం ఏదో ఉండాలి. కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టారని అడిగాను. పాతది ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం. కొత్తది అదే ఇంటిపేరు, మధ్యలో ఒక @, అదే సంవత్సరం. దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో లాగిన్ ప్రయత్నించే సాఫ్ట్‌వేర్‌లు ఇలాంటి మార్పులన్నీ తామే వేసి చూడగలవు. మొదటి దారి తెరిచే ఉందన్నమాట. మిగతా రెండూ చూడాలి.

ముందు మెయిల్, తర్వాతే పాటల యాప్

టీచర్ గారికి యాప్ బాగుపడటం తొందర. నేను యాప్ ముట్టుకోకుండా జీమెయిల్ తెరవమన్నాను. "మెయిల్ నేనసలు వాడనే వాడను బాబూ" అన్నారు. వాడకపోయినా పాస్‌వర్డ్ రీసెట్ లింకు వచ్చేది అక్కడికే. మెయిల్ ఇంకొకరి చేతిలో ఉంటే పాటల యాప్‌లో మనం ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా అతను అన్నిసార్లూ రీసెట్ చేసుకుంటాడు.

గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీలో పరికరాల జాబితా చూశాను. ఆవిడ ఫోను, కూతురి లాప్‌టాప్, ఎప్పుడో మూలపడేసిన పాత ఫోను. పాతదాన్ని తీసేశాను. తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లో `Filters and Blocked Addresses`, `Forwarding and POP/IMAP` అనే రెండు పేజీలు. ఇవి చూడకుండా మెయిల్ క్షేమమని చెప్పకూడదు. లోపలికి వచ్చినవాడు ఫలానా సర్వీసు నుంచి వచ్చే మెయిల్స్ నేరుగా ట్రాష్‌లో పడేలా ఒక ఫిల్టర్ పెట్టి వెళ్తే, మనకి హెచ్చరికలు కనిపించవు. ఇక్కడ రెండూ ఖాళీగానే ఉన్నాయి. రికవరీ ఫోన్ నంబర్ ఆవిడదే. మెయిల్‌లోకి ఎవరైనా వచ్చిన ఆనవాళ్ళు కనిపించలేదు. అయినా మెయిల్ పాస్‌వర్డ్ కూడా అదే ఇంటిపేరు, అదే సంవత్సరం కాబట్టి దాన్ని అప్పుడే మార్పించి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టించాను.

మెయిల్ తెరిచి ఉండగానే ఆ మ్యూజిక్ సర్వీసు పేరుతో వెతికాను. చదవని ఉత్తరాల గుట్టలో కొత్తచోట లాగిన్ జరిగిందని చెప్పే మెయిల్ దొరికింది. పాట ఆగడం మొదలవ్వకముందు మూడు వారాల నాటిది. పరాయి దేశం పేరు కూడా ఉంది దాన్లో. ఆ దేశం పేరుని నేను పెద్దగా పట్టించుకోను, వీపీఎన్‌తో ఎవరైనా ఎక్కడివాళ్ళలాగైనా కనిపించవచ్చు. తేదీ మాత్రం పనికొస్తుంది. ఎప్పటి నుంచి జరిగిన మార్పులు చూసుకోవాలో దాంతో తెలుస్తుంది.

తర్వాత `haveibeenpwned.com` లో ఆవిడ మెయిల్ అడ్రస్ వేసి చూశాం. లీకైన డేటాలో మన అడ్రస్ ఉందో లేదో చెప్పే సైటు అది, 2013 నుంచి నడుస్తోంది. ఎప్పుడో చీర కొనడానికి అకౌంట్ తెరిచిన ఒక షాపింగ్ సైటు లీకులో ఆవిడ అడ్రస్ ఉంది, పాస్‌వర్డ్ కూడా పోయిందని రాసి ఉంది. ఆ సైటులోనూ అదే పాస్‌వర్డ్ పెట్టానని ఆవిడే చెప్పారు.

పాత శిష్యురాలి సంగతి నేను అక్కడే ఆపించాను. ఆ అమ్మాయి చేయలేదని నేను నిరూపించలేను. కానీ ఆ అమ్మాయి అవసరం లేకుండానే జరిగినదంతా అర్థమవుతోంది. ఒకచోట లీకైన మెయిల్, పాస్‌వర్డ్ జంటల్ని వేరే సైట్లలో లక్షల కొద్దీ వేసి చూడటం పెద్ద వ్యాపారం. 2020లో భద్రతా పరిశోధకులు ఇంటర్నెట్‌లో కాపలా లేకుండా పడి ఉన్న ఒక డేటాబేస్ బయటపెట్టారు, దాంట్లో 38 కోట్లకు పైగా రికార్డులు. స్పాటిఫై అకౌంట్లలోకి లాగిన్ అవ్వడానికి వాడుతున్నది. ఆ పాస్‌వర్డ్‌లు స్పాటిఫై నుంచి పోయినవి కావు, వేరేచోట్ల నుంచి పోగేసినవి. మూడు నుంచి మూడున్నర లక్షల అకౌంట్లు దెబ్బతిని ఉంటాయని అంచనా వేశారు, కంపెనీ వాటికి పాస్‌వర్డ్ రీసెట్ పెట్టింది. ఇలా తెరుచుకున్న అకౌంట్లని చవగ్గా అమ్ముతారు. కొన్నవాడికి టీచర్ గారు ఎవరో తెలియదు, తెలుసుకునే పనీ లేదు. ఇంట్లోకి వచ్చిపోయిన ఆడపిల్ల మీద నింద వేసేముందు లీకు ఉందో లేదో చూడటం ఐదు నిమిషాల పని.

మూడోనాటి ప్రవేశం ఎక్కడిది

మెయిల్ అతని చేతిలో లేనట్టు తేలింది. పాస్‌వర్డ్ ఊహించి ఉంటే కొత్త లాగిన్ మెయిల్ ఇంకొకటి వచ్చే అవకాశం ఉంది, రాలేదు. రాలేదు కాబట్టి లాగిన్ జరగలేదని ఖాయంగా అనలేం, ప్రతిసారీ ఆ మెయిల్ రాదు. అయినా మూడో దారి వైపు మొగ్గాను.

అన్నిచోట్లా లాగౌట్ అనే బటన్ పేరులో ఉన్నంత పని చేయదు. ఫోన్లు, కంప్యూటర్లు, బ్రౌజర్లు బయటికి పోతాయి. కొన్ని కంపెనీల స్పీకర్లు, ప్లేస్టేషన్ లాంటి గేమ్ కన్సోళ్ళు మన అకౌంట్‌తో వేరే పద్ధతిలో ముడిపడి ఉంటాయి. ఆ అనుమతి ఆ కంపెనీకి ఇచ్చినట్టు లెక్క. స్పాటిఫై తన సహాయం పేజీలోనే ఈ భాగస్వామి పరికరాలు ఆ బటన్ కిందికి రావని చెబుతుంది. వాటికి అకౌంట్ పేజీలో `Manage apps` అని వేరే జాబితా ఉంటుంది. ఒక్కోదాని పక్కన `Remove access` నొక్కాలి. ఇది ఫోన్ యాప్‌లో వెతుక్కోకుండా బ్రౌజర్‌లో అకౌంట్ పేజీకి వెళ్ళి చూడటం తేలిక.

ఆ జాబితాలో రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి గేమ్ కన్సోల్. ఆ ఇంట్లో కన్సోల్ లేదు. రెండోది ఒక టీవీ కంపెనీ పేరు. టీచర్ గారు దాన్ని చూసి "ఇదే, వీడే" అన్నారు. నేను తీసేయబోయే ముందు అడిగాను, సంక్రాంతికి ఎవరింటికైనా వెళ్ళి అక్కడ టీవీలో పాటలు పెట్టారా అని. కాసేపు ఆలోచించి, "మా అక్కయ్య వాళ్ళింట్లో పెట్టాం, గుంటూర్లో" అన్నారు. పెన్సిల్‌తో రాసుకున్నది చెరిపేశాను.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, తీయడం ఎలాగూ రెండూ తీసేస్తాం. కానీ అక్కయ్యగారి టీవీని కూడా పరాయివాడిదే అనుకుంటే, రేపు అది మళ్ళీ కనిపించినప్పుడు దొంగ తిరిగొచ్చాడని ఇంటిల్లిపాదీ మళ్ళీ కంగారు పడతారు. తెలియనిది ఒక్కటే ఉందని తేలితే రేపటి కాపలా తేలిక.

పనిచేసిన క్రమం

అన్నీ ఒకే కూర్చున్న చోట, మధ్యలో విరామం లేకుండా చేశాం. మెయిల్ అప్పటికే భద్రం. మ్యూజిక్ అకౌంట్‌కి కొత్త పాస్‌వర్డ్. వెంటనే `Manage apps` లో రెండూ తీసేయడం. ఆ వెంటనే `Sign out everywhere`. ఫేస్‌బుక్‌తో కూడా లాగిన్ అయ్యే వీలుందా అని చూశాను, ఉంటే ఆ తలుపు విడిగా మూయాలి. ఇక్కడ లేదు. చివరికి ఆవిడ ఫోన్లో, కూతురి లాప్‌టాప్‌లో మాత్రం లాగిన్ అయ్యాం. ఫోన్లో దాచుకున్న పాటలు మళ్ళీ డౌన్‌లోడ్ చేయాల్సి రావచ్చు కాబట్టి క్లాసు లేని రోజు చూసుకుని ఈ పని పెట్టుకున్నాం.

ప్లాన్ పేజీ కూడా చూశాను. లోపలికి వచ్చినవాడు ఒక్కరి ప్లాన్‌ని ఫ్యామిలీ ప్లాన్‌గా మార్చి తనవాళ్ళని చేర్చుకుంటే ప్రతి నెలా మనకే ఎక్కువ పడుతుంది. అలా జరగలేదు. ఆవిడ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాలో కూడా పాత మొత్తమే ఉంది. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్, `cybercrime.gov.in` లో ఫిర్యాదు అని చెప్పేవాణ్ణి. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

పాస్‌వర్డ్ ఎలా తయారు చేశాం

కూతురు గుర్తులు, అంకెలు, పెద్దక్షరాలు కలిపి ఒకటి రాసింది. బలమైనదే. కానీ ఈ అకౌంట్ రేపు టీవీ రిమోట్‌తో కూడా కొట్టాల్సి వస్తుంది. ఒక్కో అక్షరానికి బాణాలు నొక్కుకుంటూ @ కోసం తెర మారుస్తూ కూర్చుంటే, రెండోసారికి టీచర్ గారు మళ్ళీ ఇంటిపేరు దగ్గరికే వెళ్తారు. వాడే మనిషికి కుదరని పాస్‌వర్డ్ ఎంత బలమైనదైనా నిలవదు.

అందుకని పదాల పద్ధతి ఎంచుకున్నాను. మంచి పాచికల పద్ధతిలో 7,776 పదాల జాబితా ఉంటుంది, ఐదు పాచికలు వేస్తే ఒక పదం వస్తుంది. నాలుగు పదాలు తీసినా దాదాపు 3,656 లక్షల కోట్ల కలయికలు అవుతాయి. ఆ జాబితా ఇంగ్లీషుది. టీచర్ గారికి తెలుగు పదాలే గుర్తుంటాయి కాబట్టి ఇంట్లో ఉన్న లావుపాటి నిఘంటువు తీసుకుని, కళ్ళు మూసుకుని పేజీ తెరిచి, వేలు పెట్టిన చోట పదం తీసుకోమన్నాను. పేజీ తెరవడంలో మధ్య పేజీలే ఎక్కువ పడతాయి, పాచికలంత నికార్సు కాదు. అందుకే నాలుగు కాకుండా ఐదు పదాలు తీయించాను. మొదట ఆవిడ పల్లవిలో మాటలు పెట్టుకుంటానన్నారు. వద్దన్నాను. పాటల్లో మాటలు, శ్లోకాల్లో పాదాలు ఒకదాని వెంట ఒకటి ఎలా వస్తాయో అందరికీ తెలుసు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పదాలైతేనే లెక్క నిలుస్తుంది. నమూనాకి ఇలా ఉంటుంది:

```
jalledanemalitapalauppenagorinta
```

తెలుగు పదాల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. గోరింటని `gorinta` అనీ రాస్తాం, `gorintha` అనీ రాస్తాం. అందరి చేతా ఒకేలా రాదు. రెండు నెలల తర్వాత పదం గుర్తుండి స్పెల్లింగ్ గుర్తులేక అకౌంట్ మూసుకుపోయిన కేసులు నేను చూశాను. కాబట్టి ఎలా రాశారో అలాగే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమన్నాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని చాలామంది అంటారు. ఆఫీసు టేబుల్ మీద అతికించడం తప్పే. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఎక్కడో దూరదేశంలో కూర్చున్నవాడు తెరవలేడు. ఇక్కడ భయం అతని గురించే. కూతురు తన ఫోన్లో పాస్‌వర్డ్ మేనేజర్‌లో కూడా దాచుకుంది.

ప్లేలిస్టులు, మిగిలినవి

ఆవిడకి అన్నిటికన్నా కావలసింది ఇదే. తీసేసిన ప్లేలిస్టులు అకౌంట్ పేజీలో `Recover playlists` లో 90 రోజుల దాకా ఉంటాయి. ఆ రెండూ అక్కడే ఉన్నాయి, పాటల వరుస కూడా చెదరలేదు. దసరా తర్వాత వచ్చి ఉంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉండేది. పేరు మారినదాన్ని మామూలుగానే మార్చుకున్నాం. ఇక ముందు ఇలా జరిగినా నష్టం లేకుండా, ప్రతి ప్లేలిస్టునీ కూతురి పేరుతో ఉన్న ఉచిత అకౌంట్‌లో కాపీ చేసి ఉంచమన్నాను.

పూర్తిగా బాగుపడనిది ఒకటుంది. ఇన్నాళ్ళూ పరాయివాడు విన్న పాటల్ని బట్టి యాప్ ఇంకా అలాంటివే సూచిస్తూ ఉంది. అతను పెట్టుకుని వెళ్ళిన ప్లేలిస్టులు తీసేశాం. ఆవిడకి నచ్చనివి వచ్చినప్పుడు దాటేస్తూ, తన పాటలు వింటూ పోతే నెమ్మదిగా తగ్గుతుంది. దీనికి ఒక బటన్ నొక్కి అయిపోయే మార్గం నాకు దొరకలేదు.

తర్వాతి నెల రోజులు రెండు పనులు చూడమన్నాను. వారానికోసారి `Manage apps` తెరిచి కొత్త పేరు చేరిందేమో చూడటం, పాట ఆగినప్పుడు స్పీకర్‌ని తిట్టేముందు తెర అడుగున పరికరం పేరు చూడటం. గుంటూరు అక్కయ్యగారి టీవీలో మళ్ళీ పెట్టాల్సి వస్తే, పండగ అయ్యాక వచ్చేముందు ఆ టీవీలోనే లాగౌట్ చేసి రమ్మన్నాను. అదే పాత పాస్‌వర్డ్ వాడిన మిగతా సైట్ల జాబితా కూతురి చేత రాయించాను, వాటిలో బ్యాంకు యాప్ లేదు కానీ కరెంటు బిల్లు కట్టే సైటు, రెండు షాపింగ్ సైట్లు ఉన్నాయి. వాటిని ఒక్కోటిగా మార్చే పని ఆ అమ్మాయి ఇంకా చేస్తోంది.